ఎకోలో దాదాపు నాలుగు గంటలు ఎందుకు? ఎకో, ఆటో, ఇంటెన్సివ్‌లలో ఏది ఎప్పుడు పెట్టాలి?

మాధవి, నిజాంపేట

అందరికీ నమస్కారం. మా ఇంట్లో డిష్‌వాషర్ పెట్టించుకుని ఐదు వారాలైంది. ఎకో బటన్ నొక్కితే తెర మీద 3:50 అని కనిపిస్తుంది, ఆటోకు 2:20, ఇంటెన్సివ్‌కు 2:10 చూపిస్తుంది. అమర్చడానికి వచ్చిన కుర్రాడు "మన వంటలకు ఎకో పనికిరాదు మేడమ్, ఎప్పుడూ ఇంటెన్సివే పెట్టుకోండి" అని చెప్పి వెళ్లాడు. మా అత్తగారికి మరో సందేహం వచ్చింది. నాలుగు గంటలు తిరిగే యంత్రానికి రెండు గంటలు తిరిగే దానికంటే తక్కువ కరెంటు ఎలా సరిపోతుందని ఆమె అడుగుతున్నారు, నా దగ్గర జవాబు లేదు.

మేము నలుగురం. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒకసారి వేస్తాము. అందులో స్టీలు కంచాలు, గిన్నెలు, గ్లాసులు, అన్నం వండిన గిన్నె, పప్పు గిన్నె, కూర మూకుడు ఉంటాయి. ఎకోలో నిజంగా ఆదా ఉందా, ఉంటే అది అంతసేపు ఎందుకు తిరుగుతుంది, మన జిడ్డుకు అది సరిపోతుందా అన్నవే నా ప్రశ్నలు.

రామారావు, విజయవాడ

అమ్మా, నేను విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ అత్తగారి సందేహం సహజమైనదే కానీ, యూనిట్లు లెక్కించేటప్పుడు సమయం ఒక్కటే చూడకూడదు, ఆ సమయంలో ఎన్ని వాట్లు వాడుతున్నామన్నది కూడా చూడాలి. ఇంటెన్సివ్‌లో హీటరు పూర్తి మంట మీద పనిచేస్తుంది. ఎకోలో అదే హీటరును సన్నని సెగ మీద పెట్టినట్లు తక్కువ వాట్లతో నడిపిస్తారు. సన్నని సెగ మీద నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది గనుక ప్రోగ్రాం పొడుగవుతుంది. వేడి నిదానంగా ఎక్కుతుంది కాబట్టి వృథా తక్కువ.

శ్రీనివాస్, డల్లాస్

మాధవి గారూ, మీ యంత్రం నాలుగు గంటలు తీసుకోవడానికి కారణం దానిలోకి చల్లని నీళ్లు వెళ్లడమే అయి ఉంటుంది. మేము ఇక్కడ ఒక చిన్న పని చేస్తాము. బటన్ నొక్కే ముందు సింకులో వేడినీళ్ల కుళాయి తిప్పి, వేడినీళ్లు వచ్చేదాకా వదిలి, అప్పుడు యంత్రాన్ని మొదలుపెడతాము. గొట్టంలో నిలిచిపోయిన చల్లని నీళ్లు పోతాయి కాబట్టి మొదటి నింపుడే వేడిగా అందుతుంది. ఒకసారి ప్రయత్నించి చూడండి.

మాధవి, నిజాంపేట

శ్రీనివాస్ గారూ, మా వంటింటి సింకుకు ఉన్నది ఒకటే కుళాయి, అది నేరుగా మేడ మీది ట్యాంకు నుంచి వస్తుంది. గీజరు స్నానాల గదిలో మాత్రమే ఉంది. మీ ఉపాయం మాకు వర్తించదేమో.

కిరణ్, స్టుట్‌గార్ట్

నేను పదకొండేళ్లుగా ఇక్కడ గృహోపకరణాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం గడిచింది డిష్‌వాషర్ల ముందే. ముందుగా శ్రీనివాస్ గారి సలహా గురించి చెబుతాను. అది అమెరికాలో సరైన సలహాయే. అక్కడ డిష్‌వాషర్‌ను ఇంటి వేడినీళ్ల గొట్టానికే కలుపుతారు. 120 వోల్టుల సరఫరా మీద నడిచే హీటరు చిన్నది కాబట్టి, లోపలికి వచ్చే నీళ్లు వేడిగా లేకపోతే దానికి భారమవుతుంది. యూరప్‌లోనూ ఇండియాలోనూ అమ్మే యంత్రాలను మామూలుగా చల్లని నీళ్లకే కలుపుతారు, నీళ్లను కాచే పని మొత్తం వాటి లోపలి హీటరుదే.

ఇక రామారావు గారు చెప్పిన దానిలో సగం నిజం ఉంది. సమయాన్ని, వాట్లను కలిపి చూడాలన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట. కానీ నేను కొలిచిన యంత్రాలలో ఎకోకు హీటరును సన్నని సెగ మీద పెట్టడం చూడలేదు. అదే హీటరు, సుమారు 2000 వాట్లది, ఎకోలోనూ పూర్తి శక్తితోనే వెలుగుతుంది. తేడా ఏమిటంటే అది త్వరగా ఆరిపోతుంది. ఇంటెన్సివ్ నీళ్లను 70 డిగ్రీల దాకా తీసుకువెళ్తే, ఎకో 50 డిగ్రీల దగ్గర ఆపేస్తుంది. ఆ తరువాత గంటల తరబడి తిరిగేది చిన్న పంపు మాత్రమే, దాని వాడకం కొన్ని పదుల వాట్లు. అంటే మీకు వినిపించే నాలుగు గంటల చప్పుడులో అధిక భాగం ఒక బల్బుకు అయ్యేటంత ఖర్చుతో నడిచేదే.

మరి అంతసేపు ఎందుకు తిప్పాలి? మన ఇళ్లలో అందరికీ తెలిసిన పని ఒకటి చెబుతాను. అన్నం గిన్నెను వెంటనే తోమితే గోళ్లతో గీకాలి, నీళ్లు పోసి నానబెట్టి గంట తరువాత తోమితే మెతుకులు వాటంతటవే ఊడి వస్తాయి. ఎకో చేసేది యంత్రంతో నానబెట్టించడమే. జర్మనీలో హెంకెల్ సంస్థలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అనే రసాయనవేత్త 1959లో ఒక వృత్తం గీసి, శుభ్రం చేయడమంటే కడిగే మందు, నీటి తాకిడి, వేడి, సమయం అనే నాలుగు భాగాలు కలిసి చేసే పని అని చెప్పాడు. ఒక భాగాన్ని తగ్గిస్తే మిగిలిన వాటిలో ఏదో ఒకటి పెరగాలి. ఆ నాలుగింటిలో మీకు బిల్లు తెచ్చేది ప్రధానంగా వేడి, మీకు డబ్బు ఖర్చు కానిది సమయం. ఎకోను రూపొందించేవాళ్లు వేడిని తగ్గించి ఆ లోటును సమయంతో పూరిస్తారు.

మందులో ఉండే ఎంజైములు కూడా ఇక్కడ కలిసి వస్తాయి. పిండి పదార్థాన్ని కోసేది ఒకటి, పప్పు, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తులను కోసేది ఇంకొకటి. ఇవి 50 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా పనిచేస్తాయి కానీ నెమ్మదిగా చేస్తాయి, 70కి వెళితే త్వరలోనే చచ్చుబడిపోతాయి. అందుకే ఎండిపోయిన మెతుకులకు, పెరుగు గిన్నెలకు ఎకోయే మేలని నా అభిప్రాయం. కరిగి జారాల్సిన గట్టి జిడ్డు విషయంలో మాత్రం 70 డిగ్రీలదే పైచేయి.

రామారావు, విజయవాడ

కిరణ్ గారూ, హీటరు విషయంలో మీరు స్వయంగా కొలిచి చెబుతున్నారు కాబట్టి సరిదిద్దుకుంటాను. అయితే నాకొక అనుమానం. కంపెనీవాళ్లు ప్రకటించే అంకె ఎకో మీద తీసినదే కదా? పరీక్షలో మంచి మార్కులు రావడానికి ఎవరూ వాడని ఒక ప్రోగ్రాం పెట్టి, జనం మాత్రం మిగిలినవి వాడుకునేట్లు చేయడం కాదా ఇది?

కిరణ్, స్టుట్‌గార్ట్

అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం లేబుల్ మీద వేసే విద్యుత్తు, నీళ్లు, సమయం అన్నీ ఎకో ప్రోగ్రాంవే. యంత్రాన్ని ఆన్ చేయగానే ముందుగా ఎంపికై ఉండవలసినది కూడా అదే. కాబట్టి తయారీదారులు తమ తెలివంతా ఎకో మీద పెడతారు, ఆ క్రమంలో సమయం పొడుగవుతూ వచ్చింది. అయితే అదే పరీక్షలో శుభ్రతకు, ఆరబెట్టడానికి కూడా కనీస ప్రమాణం దాటాలి, కేవలం కరెంటు తగ్గిస్తే సరిపోదు. మురికి పోని యంత్రం అమ్మకానికే రాదు. ఇక్కడ చాలామంది దాని నిడివి చూసి విసుగుపడి వేరేది నొక్కుతారన్నది మాత్రం నిజమే, మా అమ్మ కూడా అంతే.

మాధవి, నిజాంపేట

ఈ చర్చ చదివి మా వారు ప్లగ్గుకూ యంత్రానికీ మధ్య పెట్టే 16 ఆంపియర్ల మీటరు ఒకటి కొని తెచ్చారు. నాలుగు రాత్రులు కొలిచాము. గిన్నెలు రోజూ దాదాపు ఒకేలా సర్దాను, ట్యాంకు నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నాయి, వంటింటి థర్మామీటరుతో చూశాను.

ఎకోకు రెండు రాత్రులు 0.62, 0.63 యూనిట్లు అయ్యాయి. ఇంటెన్సివ్‌కు 1.05 అయింది. నాలుగో రాత్రి ఆటో పెడితే 0.81 వచ్చింది.

రెండో ఎకో రాత్రి నేను పుస్తకం పట్టుకుని వంటింట్లోనే కూర్చున్నాను, మీటరు తెర కనిపించేలా. కిరణ్ గారు చెప్పింది అక్షరాలా కనిపించింది. మొదట కాసేపు 30, 40 వాట్ల మధ్య ఊగింది. ఆ తరువాత ఒక్కసారిగా 2000 దాటి ఎనిమిది నిమిషాలు అక్కడే నిలబడి, ఠక్కున మళ్లీ 35కు పడిపోయింది. ఆ పైన గంటన్నరకు పైగా పంపు చప్పుడు తప్ప ఏమీ లేదు, మధ్యలో అది కూడా ఆగి ఆగి తిరిగింది. చివరి కడుగు దగ్గర మళ్లీ 2000 దాటి ఏడు నిమిషాలు నిలబడింది. 230 నిమిషాలలో హీటరు వెలిగింది 15 నిమిషాలే. మా అత్తగారిని పిలిచి చూపించాను. "అయితే మిగతాదంతా నాటకమా" అన్నారు.

మా శ్లాబులో యూనిట్ దాదాపు ఎనిమిది రూపాయలు పడుతుంది. అంటే ఇంటెన్సివ్‌కూ ఎకోకూ తేడా ఒక్కో విడతకు మూడున్నర రూపాయలు, నెలకు పాతిక సార్లు వేస్తే ఎనభై ఐదు. ఇంతేనా అని మా వారు నిరుత్సాహపడ్డారు. మీటరు ఖరీదు తిరిగి రావడానికే చాలా నెలలు పడుతుంది. నాకు అర్థం కానిది ఒకటే, పుస్తకంలో ఎకోకు 0.85 అని రాసి ఉంది, మాకు అంతకంటే తక్కువ ఎలా వచ్చింది?

కిరణ్, స్టుట్‌గార్ట్

మీ నీళ్లు వేడిగా ఉన్నాయి, అదే కారణం. యూరప్ పరీక్షలో లోపలికి పంపే నీళ్లు 15 డిగ్రీలవి. మీ ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు కాబట్టి 50కి చేరడానికి 35 డిగ్రీలు కాదు, 20 డిగ్రీలు ఎక్కితే చాలు.

లెక్క వేసి చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.16 వాట్-అవర్ కావాలి. ప్రధాన కడుగులో తిరిగే నీళ్లు సుమారు 4 లీటర్లనుకుంటే, 20 డిగ్రీలకు 93 వాట్-అవర్లు. మీ హీటరు మొదటిసారి ఎనిమిది నిమిషాలు వెలిగిందన్నారు, అంటే దాదాపు 270 వాట్-అవర్లు. మిగిలిన 177 ఎక్కడికి పోయాయి? గిన్నెలకు, అరలకు, స్టీలు గోడలకు, కొంత బయటి గాలికి. మీరు కాచేది నీళ్లను మాత్రమే కాదు, పదిహేను కిలోల సామానును, ఆ పెట్టెను కూడా. ఇంటెన్సివ్‌లో ఈ మొత్తం సరంజామాను 70 దాకా తీసుకెళ్లాలి, పైగా అందులో ముందు కడుగు కూడా వేడినీళ్లతోనే జరుగుతుంది. ఆ నీళ్లు బయటికి పోయాక చల్లని నీళ్లు వచ్చి సామాను చల్లబడుతుంది, మళ్లీ మొదటి నుంచి కాచాలి. ఖర్చంతా అక్కడే.

నెలకు ఎనభై ఐదు రూపాయలు తక్కువేనన్న మాట నేను కాదనను. మీ ఊరి ఎండ వల్ల మీకు వచ్చే ఆదా మాకంటే తక్కువ. జనవరిలో మళ్లీ కొలిస్తే తేడా కొంచెం పెరగవచ్చు. నేనైతే డబ్బు కంటే గాజు సామాను కోసం రోజువారీకి ఎకో పెడతాను, వేడి ఎక్కువైతే గాజు త్వరగా మసకబారుతుంది.

సుబ్బలక్ష్మి, విశాఖపట్నం

నా అనుభవం వేరుగా ఉంది, చెప్పవచ్చా? మేము రెండేళ్లుగా ఆటో తప్ప ఇంకేమీ పెట్టము. యంత్రమే చూసుకుంటుందని దుకాణంలో చెప్పారు. కానీ గ్లాసులు జిడ్డుజిడ్డుగా, గిన్నెల అడుగున పొర మిగిలి ఉండి వస్తున్నాయి. నేను మురికి సామాను లోపల పెట్టే మనిషిని కాను, ప్రతి గిన్నెనూ కుళాయి కింద బాగా కడిగే సర్దుతాను. అయినా ఇలా ఎందుకవుతోంది? ఇంకొక బాధ కూడా ఉంది. మా అమ్మ ఇచ్చిన అల్యూమినియం కుక్కరు లోపల పెడితే నల్లగా మారిపోయింది, ఏ ప్రోగ్రాం పెడితే తెల్లగా వస్తుంది?

రామారావు, విజయవాడ

కుక్కరు సంగతి నాకు తెలుసమ్మా, మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆ మందులోని క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది, ఏ ప్రోగ్రామైనా అంతే. చింతపండు నీళ్లు మరగబెట్టి తోమితే చాలావరకు వదులుతుంది. ఇకమీదట దాన్ని చేత్తోనే తోముకోండి. ఇత్తడి, ఇనుప మూకుడు కూడా లోపల పెట్టవద్దు.

కిరణ్, స్టుట్‌గార్ట్

సుబ్బలక్ష్మి గారూ, మీరు బాగా కడిగి పెట్టడమే మీ ఇబ్బందికి ఒక కారణం కావచ్చు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ ఆటో ఎలా నిర్ణయం తీసుకుంటుందో చూస్తే అర్థమవుతుంది.

యంత్రం అడుగున నీళ్లు చేరే చోట ఒక పక్క చిన్న దీపం, ఎదురుగా కాంతిని పట్టుకునే కన్ను ఉంటాయి. మొదటి కడుగు కాసేపు సాగాక, ఆ నీటి గుండా ఎంత వెలుగు దాటిందో అది చూస్తుంది. నీళ్లు పప్పుకట్టులా ఉంటే వాటిని పారబోసి, కొత్త నీళ్లు పట్టి, 60, 65 డిగ్రీల దాకా వెళ్తుంది. నీళ్లు తేటగా ఉంటే వాటినే ఉంచుకుని 45, 50 దగ్గర తేలికగా ముగిస్తుంది. మీరు కడిగి పెట్టిన గిన్నెలలో పైపైన ఉన్నదంతా కుళాయి కిందే పోయింది, చల్లని నీళ్లకు కదలని నూనె పొర మాత్రం మిగిలింది. కన్నుకు తేటనీళ్లు కనిపించాయి, యంత్రం తేలిక పని అనుకుంది. ఎముకలు, కరివేపాకు, మెతుకుల ముద్దలు దులిపేయండి, అంతకుమించి కడగవద్దు.

దీనిలోనే ఆటో పరిమితి కూడా ఉంది. ఆ కన్ను చూసేది నీటిలోకి వచ్చిన మురికిని మాత్రమే. మూకుడుకు అంటి మాడిపోయిన మసాలా మొదటి చల్లని కడుగులో నీటిలోకి రాదు, కాబట్టి దాని ఉనికే యంత్రానికి తెలియదు. కంచాలు, గ్లాసులు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువగా ఉండే ఇంట్లో ఆటో బాగుంటుంది. మాడిన గిన్నె ఉందని మీ కంటికి తెలిసినప్పుడు ఆ నిర్ణయాన్ని యంత్రానికి వదలకుండా మీరే ఇంటెన్సివ్ నొక్కాలి.

గ్లాసుల మీది పొర విషయం మాత్రం నేను ఇక్కడి నుంచి తేల్చలేను. ఒక గ్లాసు మీద వెనిగర్ చుక్క వేసి రుద్దండి. పోతే అది నీటి సున్నం, దాన్ని తగ్గించడానికి యంత్రం లోపల ఉప్పు పోసే డబ్బా ఖాళీ అయిందేమో, నీటి కాఠిన్యం అమరిక తక్కువగా ఉందేమో చూడాలి. వెనిగర్‌కు లొంగకుండా వేలికి జారుడుగా తగిలితే జిడ్డు. రెండూ కాకుండా గాజే మసకబారి ఉంటే అది ఇక తిరిగి రాదు.

సుబ్బలక్ష్మి, విశాఖపట్నం

వెనిగర్ వేశాను. ఒక గ్లాసు మీద పోయింది, రెండో దాని మీద పోలేదు. ఉప్పు డబ్బా మూత తీసి చూస్తే అందులో నీళ్లే ఉన్నాయి, ఉప్పు రేణువు కూడా లేదు. రెండేళ్లలో ఎవరూ దాని గురించి చెప్పలేదు. కడగకుండా పెట్టడానికి మాత్రం నాకు ఇంకా మనసు ఒప్పడం లేదు.

మాధవి, నిజాంపేట

నేను ఈ వారం మూకుడు మీద ప్రయోగం చేశాను. స్టీలు మూకుడులో వంకాయ వేపుడు చేస్తే అడుగున ఒక పక్క అరచేయంత మేర మాడింది. దాన్ని నానబెట్టకుండా కింది అరలో బోర్లించి ఎకో పెట్టాను. మిగతా సామానంతా శుభ్రంగా వచ్చింది, పప్పు గిన్నె లోపల తళతళలాడింది. మూకుడులో నూనె జిడ్డు పోయింది కానీ మాడు మచ్చ అలాగే ఉంది, అంచులు మాత్రం మెత్తబడ్డాయి. అదే మూకుడును మరుసటి రాత్రి ఇంటెన్సివ్‌లో వేస్తే మచ్చ నాణెమంత మిగిలింది, దాన్ని పీచుతో రెండు రుద్దులకు తీసేశాను.

మూడో సారి అలాగే మాడినప్పుడు మూకుడులో గోరువెచ్చని నీళ్లు పోసి, చెంచాడు డిష్‌వాషర్ పౌడరు కలిపి, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఉంచి ఎకోలో వేశాను. పూర్తిగా వచ్చింది. కాబట్టి అమర్చిన కుర్రాడి మాట మా ఇంటికి వర్తించదని తేలింది.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ఎకో తరువాత పొద్దున్నే తలుపు తీస్తే ప్లాస్టిక్ డబ్బాలు తడిగానే ఉంటున్నాయి, గ్లాసుల అడుగు గుంటలలో నీళ్లు నిలుస్తున్నాయి. ఇంటెన్సివ్‌లో ఇంత తడి లేదు.

కిరణ్, స్టుట్‌గార్ట్

అది ఎకో నిజమైన బలహీనత. యంత్రంలో గిన్నెలను ఆరబెట్టేది వాటిలో దాగిన వేడే. చివరి కడుగు ఎంత వేడిగా జరిగితే అంత త్వరగా తేమ ఆవిరై, చల్లగా ఉన్న గోడల మీద చేరి కిందికి జారుతుంది. స్టీలు, పింగాణీ వేడిని పట్టి ఉంచుతాయి. ప్లాస్టిక్ తేలిక, వేడిని దాచుకోలేదు, అందుకే ఏ ప్రోగ్రాంలోనైనా అది చివరికి ఆరుతుంది, ఎకోలో అసలు ఆరదు. మీరు చూసిన 3:50లో చివరి ముప్పావు గంట ఈ ఆరబెట్టడానికే పోతుంది, అప్పుడు యంత్రం దాదాపు ఏమీ చేయదు. చివరి కడుగులో కలిసి నీటి చుక్కలు జారిపోయేలా చేసే ద్రవం, రిన్స్ ఎయిడ్, నిండుగా ఉంచండి. పని ముగిసిన శబ్దం రాగానే ఎవరైనా మెలకువగా ఉంటే తలుపు నాలుగు వేళ్లంత తీసి ఉంచితే పొద్దుటికి తేడా తెలుస్తుంది. గ్లాసులను కాస్త వాల్చి పెట్టండి.

ఇంకొక మాట. నెయ్యి, నూనె ఎక్కువగా వాడే ఇంట్లో ఎప్పుడూ 50 డిగ్రీలలోనే నడిపితే ఫిల్టరులో, అడుగు గుంటలో, తలుపు రబ్బరు మడతలలో జిడ్డు పేరుకుంటుంది. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వస్తే అదే గుర్తు. వారానికి ఒకసారి ఫిల్టరు తీసి బ్రష్షుతో కడిగి, నెలకు ఒకటి రెండుసార్లు ఇంటెన్సివ్ వేస్తే సరిపోతుంది.

రామారావు, విజయవాడ

మా అపార్ట్‌మెంటులో అందరికంటే పై అంతస్తు మాది. ఎకో 3:50 అని చూపించి నాలుగున్నర గంటలు తీసుకునేది, మధ్యలో నీళ్లు రావడం లేదని కుళాయి గుర్తు వెలిగేది. ట్యాంకు మాకు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంది, యంత్రానికి కనీసం 0.5 బార్ ఒత్తిడి కావాలని పుస్తకంలో ఉంది, అంటే ఐదు మీటర్ల ఎత్తుకు సమానం. ప్రతి నింపుడూ నత్తనడక నడిచేది. చిన్న ప్రెషర్ పంపు పెట్టించాక సరైన సమయానికి ముగుస్తోంది. పై అంతస్తులో ఉన్నవారు ఎకోను నిందించే ముందు ఒత్తిడి చూసుకోవడం మంచిది.

ఓబులేసు, అనంతపురం

మా మేడ మీద సోలార్ వాటర్ హీటరు ఉంది, వేసవిలో నీళ్లు చేతికి తగలనివ్వవు. ఆ గొట్టాన్నే డిష్‌వాషర్‌కు కలిపేస్తే హీటరు పనే ఉండదు కదా? అప్పుడు ఎకో, ఇంటెన్సివ్ తేడాయే పోతుంది. కిరణ్ గారు ఏమంటారు?

కిరణ్, స్టుట్‌గార్ట్

చాలా యంత్రాలు 60 డిగ్రీల దాకా ఉన్న నీళ్లను అనుమతిస్తాయి, మీ పుస్తకంలో ఆ అంకె చూడండి, అంతకు మించితే కలపవద్దు. కరెంటు తగ్గడం ఖాయం. నాకు రెండు సందేహాలున్నాయి. మొదటి కడుగు చల్లగా ఉండటం మేలు, పాలు, గుడ్డు, పెరుగు వంటివి మొదటే వేడినీళ్లు తగిలితే గిన్నెకు పట్టేస్తాయి. రెండోది, మధ్య కడుగులకు అవసరం లేని చోట కూడా మీ సోలార్ నీళ్లే ఖర్చవుతాయి. సమయం మాత్రం మీరనుకున్నంత తగ్గదు, ఎందుకంటే నీళ్లు కాచడానికి పట్టేది పదిహేను నిమిషాలే అని మాధవి గారి మీటరే చూపించింది.

శ్రీనివాస్, డల్లాస్

ఇక్కడ కొన్ని దశాబ్దాలుగా అందరూ వేడినీళ్లతోనే నడుపుతున్నారు, మా ఇంట్లో పెరుగు గిన్నెలు శుభ్రంగానే వస్తున్నాయి. మొదటి కడుగు చల్లగా ఉండాలన్నది కొంచెం అతి జాగ్రత్త అని నా ఉద్దేశం.

కిరణ్, స్టుట్‌గార్ట్

మీ గొట్టంలో నీళ్లు 49, 50 డిగ్రీలు ఉంటాయి, అనంతపురం మేడ మీద మే నెలలో 70 కూడా దాటవచ్చు. ఆ తేడా నన్ను ఆలోచనలో పడేస్తోంది. ఓబులేసు గారు చల్లని నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ పెట్టి 45 దగ్గర ఉంచగలిగితే నా అభ్యంతరం చాలావరకు పోతుంది.

ఓబులేసు, అనంతపురం

వాల్వ్ ధర కనుక్కున్నాను. ఎకోలో ఏడాదికి మిగిలే కరెంటు కంటే అదే ఎక్కువయ్యేట్లుంది. ప్లంబరుతో మాట్లాడి, పెడితే మీటరు అంకెలతో ఇక్కడే రాస్తాను.

మాధవి, నిజాంపేట

నిన్న రాత్రి ఎకో ముగిసే వేళకు మా అత్తగారు మేలుకునే ఉన్నారు. శబ్దం రాగానే తలుపు కొంచెం తీసి ఉంచారు. పొద్దున గ్లాసులు పొడిగా ఉన్నాయి, ప్లాస్టిక్ డబ్బాల మూతలు మాత్రం మామూలుగానే తడిసి ఉన్నాయి. వాటిని ఇకమీదట తుడిచే పెట్టుకుంటాము.